పగలు క్లాసులో ప్రొజెక్టర్: కీస్టోన్ సున్నా చేయాలా, డైనమిక్ మోడ్ పెట్టాలా?

తొమ్మిదో తరగతి మాస్టారు
మా గది 20 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు. ఎడమవైపు మూడు కిటికీలు, వాటిలో ఒకటి బొమ్మ పడే గోడ పక్కనే ఉంది. ప్రొజెక్టర్ పూర్వ విద్యార్థులు ఇచ్చింది. 1024×768, పెట్టె మీద 3300 ల్యూమెన్స్ అని ఉంది. నాలుగేళ్లుగా వాడుతున్నాం. బల్ల మీద పెట్టి, ముందు కాలు ఎత్తి, పైన వెడల్పయ్యే బొమ్మను కీస్టోన్‌తో సరిచేసి 8 అడుగుల వెడల్పున వేస్తున్నాం. పగటిపూట అక్షరాలు వెలిసిపోయినట్టున్నాయి, అంచులు మసక. ఒక సారు కీస్టోన్ వాడడమే తప్పంటారు. ఇంకో సారు బ్రైట్‌నెస్ వంద చేసి డైనమిక్‌లో పెట్టమంటారు. ఎవరి మాట వినాలి?

షాపు అన్న
మాస్టారూ, కీస్టోన్ బటన్ ఇచ్చిందే వాడుకోవడానికి. నేను ఎన్ని బళ్లలో బిగించానో లెక్కలేదు, ఒక్కరూ దాని మీద కంప్లైంట్ చేయలేదు. ముందు ఎకో మోడ్ తీసేయండి, ల్యాంపును నార్మల్‌లో పెట్టండి. డైనమిక్ మోడ్, బ్రైట్‌నెస్ 100, కాంట్రాస్ట్ 100. పగటి క్లాసుకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

గ్రాఫు కాగితం
అన్నా, అసలు గొడవంతా అక్కడే ఉంది. కీస్టోన్ వేస్తే లెన్సు కదలదు, లోపల బొమ్మనే నొక్కేస్తుంది. నొక్కిన మేర పిక్సెళ్లు పోతాయి, వెలుతురూ పోతుంది. మాస్టారు చెప్పిన మసక నూటికి నూరు పాళ్లు కీస్టోన్ వల్లే. సున్నా చేయండి, అద్దంలా కనిపిస్తుంది.

ఇంటి హాలు
3300 ల్యూమెన్స్ పగటికి ఏం సరిపోతాయండీ. నేను కిందటేడు మా హాల్లోకి ఒకటి తీసుకున్నా, సినిమా మోడ్‌లో పెడితే రంగులు అదిరిపోతాయి. రాత్రి లైట్లన్నీ ఆర్పి చూస్తాం. మీరూ సినిమా మోడ్ పెట్టి చూడండి, లేదంటే కొత్తది కొనండి.

తొమ్మిదో తరగతి మాస్టారు
కొనే మాట లేదండి, ఉన్నదాంతోనే నెట్టుకురావాలి. రాత్రి క్లాసులు కూడా లేవు :)

నిచ్చెన మీద మనిషి
ఆడియో విజువల్ బిగింపులే నా పని. ఇద్దరు సార్లూ సగం సగం కరెక్టు. కానీ ఇద్దరూ మాట్లాడుతున్నది రిమోట్ గురించి, మీ జబ్బు గోడ దగ్గరుంది.

ప్రొజెక్టర్ నలుపును వేయలేదు. గోడ మీద నలుపు అంటే వెలుతురు వేయని చోటు, అంతే. ప్రొజెక్టర్ ఆపినప్పుడు మీ గోడ ఎంత తెల్లగా ఉందో, ఆన్ చేశాక మీ నల్ల అక్షరం కనీసం అంత తెల్లగా ఉంటుంది. దాన్ని ఏ మోడూ తగ్గించలేదు.

ఉజ్జాయింపుగా లెక్క వేద్దాం. నాలుగేళ్ల ల్యాంపు కాబట్టి 2000 ల్యూమెన్స్ వస్తున్నాయనుకోండి. 8 అడుగుల వెడల్పు బొమ్మ అంటే 2.4 మీటర్లు బై 1.8, అంటే 4.3 చదరపు మీటర్లు. ఒక్కో చదరపు మీటరుకు 460 ల్యూమెన్స్, అంటే 460 లక్స్ పడుతుంది. కిటికీ వెలుతురు అదే గోడ మీద 300 లక్స్ పడుతుంటే తెలుపు 760, నలుపు 300. తెలుపు నలుపుకు రెండున్నర రెట్లు మాత్రమే. వెలిసిపోయినట్టు ఉండక ఏమవుతుంది?

ఇప్పుడు ప్రొజెక్టర్‌ను ముందుకు జరిపి బొమ్మను 1.6 బై 1.2 మీటర్లకు తగ్గించండి. విస్తీర్ణం 1.9 చదరపు మీటర్లకు పడిపోతుంది, గోడ మీద వెలుతురు 1000 లక్స్ దాటుతుంది. అదే 300 కిటికీ వెలుతురులో నాలుగున్నర రెట్లు వస్తుంది. గోడ పక్కనున్న ఆ ఒక్క కిటికీ కప్పి, గోడ మీద వెలుతురును 90కి తెచ్చారనుకోండి, పన్నెండు రెట్లు దాటుతుంది. మోడ్ మార్చి ఇంత తేడా తెచ్చిన వాణ్ని నేను చూడలేదు.

షాపు అన్న
బొమ్మ చిన్నది చేస్తే వెనక బెంచీ వాళ్లకు ఏం కనిపిస్తుంది అన్నా?

నిచ్చెన మీద మనిషి
మా పనిలో ఒక అందాజు ఉంది. చదవాల్సిన అక్షరాలైతే చివరి మనిషి బొమ్మ ఎత్తుకు ఆరు రెట్ల దూరం లోపల ఉండాలి. 1.2 మీటర్ల ఎత్తుకు 7.2 మీటర్లు. మాస్టారి గది పొడవే 6.1. చిన్నగా కనిపించేది బొమ్మ కాదు, స్లయిడ్‌లో ఇరికించిన పద్దెనిమిది లైన్లు. ఏడెనిమిది లైన్లు పెట్టి వెనక బెంచీలో కూర్చుని మీరే చదివి చూడండి.

గ్రాఫు కాగితం
మరి కీస్టోన్ సంగతి? దాని మీద మీరేమీ అనలేదు.

నిచ్చెన మీద మనిషి
వస్తున్నా. మాస్టారూ, బల్ల ఎత్తెంత, బొమ్మ కింది అంచు నేల నుంచి ఎంత? ల్యాప్‌టాప్ ఏ రిజల్యూషన్‌లో ఉంది?

తొమ్మిదో తరగతి మాస్టారు
బల్ల రెండున్నర అడుగులు. బొమ్మ కింది అంచు నాలుగు అడుగుల ఎత్తున. గోడకు దూరం 12 అడుగులు. ల్యాప్‌టాప్ 1366×768. కీస్టోన్ సున్నా చేసి చూశాను. పైన దాదాపు 15 సెంటీమీటర్లు వెడల్పు ఎక్కువ వచ్చింది. కానీ మసక కొంచెమే తగ్గింది, పోలేదు.

నిచ్చెన మీద మనిషి
అనుకున్నదే. మసకలో పెద్ద వాటా ల్యాప్‌టాప్‌ది. ప్రొజెక్టర్ లోపల ఉన్నది 1024 నిలువు వరసలు. మీరు 1366 పంపుతుంటే అది వాటిని 1024లోకి కుదిస్తుంది, బొమ్మ పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. పానెల్‌లో నాలుగో వంతు ఖాళీ, అంటే ఆ వెలుతురూ వృథా. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ప్రొజెక్టర్‌ను 1024×768కి మార్చండి. స్లయిడ్‌లను కూడా 4:3లో చేయండి, లేకపోతే ఆ పట్టీలు మళ్లీ వస్తాయి.

ఇక కీస్టోన్. అడుగున్నర ఎత్తును 12 అడుగుల దూరంలో అందుకోవాలంటే ప్రొజెక్టర్ సుమారు ఏడు డిగ్రీలు తల ఎత్తుతుంది. దాని వల్ల పైన ఆరేడు శాతం వెడల్పు పెరుగుతుంది, మీరు కొలిచిన 15 సెంటీమీటర్లు అదే. దాన్ని కీస్టోన్‌తో దిద్దితే పోయే వెలుతురు కంటికి ఆనదు. గ్రాఫు కాగితం గారు ఇక్కడ కాస్త ఎక్కువ చెప్పారు. కానీ పిక్సెల్ మందం ఉన్న సన్నగీతలు మాత్రం చెడిపోతాయి. ఎక్సెల్ షీట్ ఒకటి తెరవండి, గళ్ల గీతలు ఒకచోట లావుగా, ఒకచోట మాయమైనట్టు కనిపిస్తే అది కీస్టోనే. ఇరవై ముప్ఫై డిగ్రీలు దిద్దాల్సి వస్తే నేనూ ఆయన పక్షమే.

దీనికి మందు ఎత్తుపీట. చాలా క్లాసు ప్రొజెక్టర్లలో బొమ్మ లెన్సు ఎత్తు దగ్గర మొదలై పైకి పడుతుంది. బల్ల మీద అడుగున్నర ఎత్తు స్టూలు వేసి లెన్సును బొమ్మ కింది అంచు ఎత్తుకు తెస్తే ముందు కాలు ఎత్తే పనే లేదు. సున్నా దానంతట అదే వస్తుంది. ఆటో కీస్టోన్ ఆపేయండి. అది ప్రొజెక్టర్ వంపునే చూస్తుంది, గోడ వంపు దానికి తెలియదు. ఎవడైనా బల్లకు తగిలితే పాఠం మధ్యలో బొమ్మ ఊగుతుంది.

స్టూలుకూ బల్లకూ తాడు కట్టండి. వైరుకు కాలు తగిలి ఒకసారి నేను పెట్టిన ప్రొజెక్టరే కింద పడింది, ల్యాంపు పగిలింది.

రసాయనం టీచర్
మోడ్ విషయంలో ఒక్క మాట. మా బడిలో ప్రొజెక్టర్ ఎప్పుడూ డైనమిక్‌లోనే ఉండేది. లిట్మస్ ఎరుపు ఇటుక రంగులో, మిథైల్ ఆరెంజ్ పసుపు ఆకుపచ్చ కలిసినట్టు కనిపించేవి. ఒక పాప ఇది ఆమ్లమా క్షారమా అని అడిగితే ఫొటో చూపించి నేనే తడబడ్డాను.

నిచ్చెన మీద మనిషి
మెర్క్యురీ ల్యాంపులో ఆకుపచ్చ ఎక్కువ, ఎరుపు తక్కువ. మామూలు మోడ్‌లు ఆ ఎక్కువను కోసి తెలుపును తెలుపుగా చూపిస్తాయి. డైనమిక్ కోయదు, అందుకే అది కాంతిగానూ ఉంటుంది, పచ్చగానూ ఉంటుంది. డీఎల్‌పీ ప్రొజెక్టర్లలో చాలావాటికి రంగుల చక్రంలో తెల్లటి ముక్క ఒకటి అదనంగా ఉంటుంది. దాంతో తెలుపు వెలిగిపోతుంది, పక్కనున్న ఎరుపు, పసుపు దిగాలుగా ఉంటాయి.

ప్రెజెంటేషన్ మోడ్‌కు మారితే వెలుతురు మూడో వంతు దాకా తగ్గొచ్చు. నా లెక్కలో 1000 ఉన్నది 700 అవుతుంది. కిటికీ తెరిచి ఉంటే మూడు రెట్లకు కాస్త పైన, పనికిరాదు. కిటికీ కప్పి ఉంటే ఎనిమిది రెట్ల పైన, హాయిగా చదవొచ్చు. అందుకే ముందు కిటికీ, తర్వాత మోడ్.

షాపు అన్న
బ్రైట్‌నెస్ వంద అన్న నా మాట ఎందుకు తప్పో చెప్పలేదు.

నిచ్చెన మీద మనిషి
పేరే మోసం అన్నా. ఆ మెనూలోని బ్రైట్‌నెస్ ల్యాంపును పెంచదు, నలుపును పైకి లేపుతుంది. అసలే 300 ఉన్న నలుపు ఇంకా బూడిద రంగుకు వస్తుంది. ల్యాంపు పెంచేది మీరు చెప్పిన ఎకో మోడ్ తీసేయడమే, ఆ మాట కరెక్టు. కాంట్రాస్ట్ వంద చేస్తే తెలుపుకు దగ్గరి లేత రంగులన్నీ కలిసి తెలుపైపోతాయి. తెల్ల స్లయిడ్ మీద లేత బూడిద గడి ఒకటి గీసి, అది కనిపించేంతవరకే పెంచండి.

గ్రాఫు కాగితం
ఇక్కడ మాత్రం నేను షాపు అన్న వైపు కొంచెం వస్తాను. వీడియోలో చీకటి దృశ్యాలుంటే పగలు ఏమీ కనిపించవు. బ్రైట్‌నెస్ నాలుగైదు మెట్లు ఎక్కిస్తే కనీసం మనిషి ఆకారం తెలుస్తుంది.

నిచ్చెన మీద మనిషి
దానికి నేను నలుపును లేపకుండా మధ్య ఛాయలను పెంచే గామా మారుస్తాను, బ్రైట్‌నెస్ ముట్టను. గామా లేని మోడల్ అయితే మీరన్నదే చేయాలి. అక్షరాలకు మాత్రం వద్దు.

రసాయనం టీచర్
కిటికీ కప్పమని తేలిగ్గా అంటున్నారు. ఏప్రిల్‌లో కిటికీ మూస్తే పిల్లలు ఉడికిపోతారండి.

నిచ్చెన మీద మనిషి
మూడూ కాదు, గోడ పక్కది ఒక్కటే. అదీ పాఠం ఉన్నంతసేపే. గోడ దగ్గరి ట్యూబ్‌లైట్ కూడా ఆర్పండి, వెనకవి ఉండనివ్వండి, పిల్లలు రాసుకోవాలి కదా.

తొమ్మిదో తరగతి మాస్టారు
ఈ రోజు చేసి చూశాను. ఆండ్రాయిడ్ ఫోన్లో లక్స్ యాప్ వేసి, ఫోన్ వీపు గోడకు ఆనించి కొలిచాను. యాప్ అంకె ఎంత నిజమో గానీ, అదే ఫోన్‌తో కొలిచాను కాబట్టి పోలికకు పనికొస్తుందనుకున్నా. ప్రొజెక్టర్ ఆపి, కిటికీ తెరిచి ఉంటే 340. పాత ఫ్లెక్సీ నల్ల వైపు లోపలికి పెట్టి కప్పితే 110. 1024×768 చేశాను, స్టూలు వేశాను, 8 అడుగుల దూరానికి జరిపాను. ఎక్సెల్ గీతలు సమానంగా ఉన్నాయి. ప్రెజెంటేషన్ మోడ్‌లో తెల్ల స్లయిడ్ మీద 790 చూపించింది. ఏడు రెట్లు. చివరి బెంచీ వాడు లైన్లన్నీ చదివాడు.

ఒక్కటే మిగిలింది. స్టూలు నడిదారిలో ఉంది, నేను బోర్డు దగ్గరికి వెళ్లినప్పుడల్లా నా తల నీడ బొమ్మ మీద పడుతోంది. పక్కకు జరిపితే అడ్డ కీస్టోన్ వాడాలి.

గ్రాఫు కాగితం
అడ్డ కీస్టోన్ మాత్రం వద్దు మాస్టారూ. పక్కకు వంగి నడవండి.

షాపు అన్న
నాలుగు బోల్టులు, ఒక పైపు, సీలింగ్‌కి తలకిందులుగా బిగిస్తే నీడా ఉండదు, స్టూలూ ఉండదు. మెనూలో సీలింగ్ అని ఎంచితే బొమ్మ తిరుగుతుంది. దగ్గరి ఊరైతే నేనే వస్తా.

తొమ్మిదో తరగతి మాస్టారు
పైన రేకులండీ, స్లాబు కాదు.

షాపు అన్న
అయితే ఇనుప దూలం ఎక్కడుందో, గోడకు ఎంత దూరమో ఫొటో పెట్టండి. చూసి చెప్తా.