కారు ఆదివారం అప్పగించాలి, కాగితం మీద ఏమేం రాసుకోవాలి?

హన్మకొండ హ్యాచ్‌బ్యాక్: నా 2016 పెట్రోల్ కారుకు బేరం కుదిరింది. ఖమ్మం వాళ్లు ఆదివారం వచ్చి తీసుకెళ్తామన్నారు. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ తీసి పెట్టాను. లోన్ ఎప్పుడో తీరిపోయింది. ఇంకేమైనా మర్చిపోయానా?

కర్నూలు కుర్రోడు: ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చెయ్యండి అన్నా. అక్కడితో మన పని అయిపోయినట్టే. తర్వాత ఆ కారుతో ఏం జరిగినా మనకు సంబంధం ఉండదు.

పాత ఫైళ్ల మావయ్య: మొదటి మాట కరెక్టే బాబూ, రెండోదే మనుషుల్ని ముంచుతుంది. ఆర్సీలో పేరు మారేదాకా చట్టం దృష్టిలో ఓనరు మీరే. చేతులు మారిన కారు ప్రమాదం చేస్తే నష్టపరిహారం రికార్డులో పేరున్న మనిషే కట్టాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టకండి. కొనేవాడి పేరు, చిరునామా, తేదీ మీ ఎదురుగానే నింపించండి. అమ్మిన 14 రోజుల్లోపు ఫారం 29 ఆర్టీఏకి చేరాలి, దాని రసీదు మీ దగ్గర ఉండాలి.

ఇంకోటి. లోన్ తీరిందన్నారు కదా, ఆర్సీలో బ్యాంకు పేరు తీయించారా?

హన్మకొండ హ్యాచ్‌బ్యాక్: ఇప్పుడే ఆన్‌లైన్‌లో చూశాను. ఇంకా ఉంది! బ్యాంకు ఎన్‌ఓసీ మాత్రం బీరువాలో ఉంది.

పాత ఫైళ్ల మావయ్య: ఎన్‌ఓసీతో పాటు ఫారం 35 కూడా కావాలి, దాని మీద బ్యాంకు ముద్ర, సంతకం ఉండాలి. ముందు ఆ పేరు తీయించుకోండి. ఎన్‌ఓసీ బాగా పాతదైతే కొత్తది తెమ్మంటారు, ఆ లెక్కన ఆదివారం కుదరకపోవచ్చు. డబ్బు తీసుకుని కారిచ్చేసి, ఇది తర్వాత చూద్దాం అనుకుంటే టెన్షన్ మీకే.

బెంగళూరు రమ్య: మాది కేఏ నంబర్ కారు. విజయవాడ తీసుకొస్తే రోడ్ ట్యాక్స్ ఎంత పడుతుంది?

సాయంత్రం ఐదూ నలభై: రమ్య గారూ, అది వేరే సంగతి, విడిగా అడగండి.

నా పేరు వెనక కథ చెప్తాను. నిరుడు నా స్కూటర్ అమ్మాను. రెండు ప్రతులు రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం. అందులో తేదీతో పాటు టైము కూడా వేశాను: సాయంత్రం 5.40, మీటరు 31,268 కి.మీ. ఆ రాత్రి 8.15కి సిగ్నల్ జంప్ చలాన్ నా ఫోనుకొచ్చింది. "అది పొద్దున మీరు చేసిందేమో" అన్నాడు కొన్నాయన. కాగితం ఫొటో, చలాన్ మీద ఉన్న టైము పక్కపక్కన పెట్టి పంపితే మాట్లాడకుండా కట్టేశాడు. ఉత్త తేదీ రాసి ఉంటే నేనే కట్టుకునేవాణ్ని.

గాజువాక శీను: తాళాల గురించి ఎవరూ చెప్పలేదే. నాకు కారు అమ్మినాయన రెండో తాళం ఊళ్లో ఉంది, పంపిస్తానన్నాడు. ఇప్పటికీ రాలేదు. చిప్ ఉన్న తాళం కదా, బయట చేయిస్తే తలుపు తెరుచుకుంటుంది గానీ ప్రోగ్రామింగ్ చేయించకపోతే బండి స్టార్ట్ అవ్వదు. ఎన్ని తాళాలిచ్చారో అంకె వేసి రాయండి. స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్ డిక్కీ తెరిచి చూపించి మరీ రాయండి. అల్లాయ్ వీల్స్‌కు లాక్ నట్లుంటే వాటి సాకెట్ కూడా. అది లేక ఓసారి పంక్చరైనప్పుడు రోడ్డు మీద రెండు గంటలు కూర్చున్నాను.

కర్నూలు కుర్రోడు: సరే మావయ్యా, ఒప్పుకున్నా. మరి ఫాస్టాగ్ పీకేస్తే చాలా?

పాత ఫైళ్ల మావయ్య: పీకితే చాలదు. ట్యాగ్ ఇచ్చిన బ్యాంకులో మూయించాలి. లేకపోతే ఆ నంబరు మీద కొనేవాడికి కొత్త ట్యాగ్ రాదు. అలాగని అద్దానికి వదిలేస్తే టోల్ మీ ఖాతాలోంచి పోతుంది.

ఇన్సూరెన్సు కొనేవాళ్ల పేరు మీదకు మారుతుంది గానీ నో క్లెయిమ్ బోనస్ మీదే. కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కారుకు వాడుకోవచ్చు.

హన్మకొండ హ్యాచ్‌బ్యాక్: ఏసీ ఎండలో సరిగా చల్లబడదు, ఎడమ వెనక తలుపుకు సొట్ట ఉంది. ఇవి కూడా రాయాలా? రాస్తే ఆఖరి నిమిషంలో మళ్లీ బేరం మొదలెడతారేమో.

గాజువాక శీను: రాయకండి. వాళ్లు చూసుకునే కదా కొంటున్నారు.

సాయంత్రం ఐదూ నలభై: నేనైతే రాస్తాను. సొట్ట కంటికి కనిపిస్తుంది, ఏసీ సంగతి డిసెంబరులో ఎవరికి తెలుస్తుంది? ఇప్పుడు రెండు వేలు తగ్గినా పర్లేదు, మార్చిలో ఫోన్ రాదు.

పాత ఫైళ్ల మావయ్య: రాసేటప్పుడు "ఏసీ బాగాలేదు" అనకండి. "ఎండలో చల్లదనం తక్కువ, గ్యాస్ నింపించలేదు, నడిపి చూపించాం" అని రాయండి. నడిపి చూసినట్టు వాళ్ల సంతకం అక్కడే పెట్టించండి. "బండి కండిషన్ బాగుంది" అన్న మాట మాత్రం రాయొద్దు. తర్వాత మీ మీదకే తిప్పుతారు.

హన్మకొండ హ్యాచ్‌బ్యాక్: ఖమ్మం వాళ్లతో మాట్లాడాను. బ్యాంకు పేరు పోయాకే వస్తామన్నారు, ఆదివారం రద్దు. అడ్వాన్సు పదివేలు మాత్రం నా దగ్గరే ఉంది. దానికీ ఓ రసీదు రాసివ్వాలా?