జీరో కలిపితే రూట్ లోకస్ ఎప్పుడూ ఎడమకే వంగుతుందా?

హనుమకొండ విద్యార్థిని: పోల్ కలిపితే రూట్ లోకస్ కుడికి వంగి సిస్టమ్ అస్థిరమవుతుందని, జీరో కలిపితే ఎడమకు వంగి స్థిరపడుతుందని నోట్సులో రాసుకున్నాను. ల్యాబ్‌లో మా మోటారు మోడల్ `K/(s(s+2)(s+4))`. డెరివేటివ్ వేసి −3 దగ్గర జీరో కలిపాను. K ఎంత పెంచినా స్థిరంగా ఉండాలని లెక్క చెప్పింది, కానీ గెయిన్ బాగా పెంచేసరికి షాఫ్ట్ ఆగకుండా అటూ ఇటూ ఊగింది. సూత్రం తప్పా, నా వైరింగ్ తప్పా?

కాజీపేట అధ్యాపకుడు: సూత్రంలో తప్పు లేదమ్మా, గ్రాఫు కాగితం, కోణమానిని తీసుకుంటే కళ్ళతోనే చూడవచ్చు. ముందు `K/(s(s+2))` మాత్రమే తీసుకోండి. −1+j2 అనే బిందువుకు 0 నుంచి గీసిన గీత 116.6 డిగ్రీలు, −2 నుంచి గీసిన గీత 63.4 డిగ్రీలు చేస్తాయి. మొత్తం 180 కాబట్టి ఆ బిందువు లోకస్ మీద ఉంది. ఇప్పుడు −4 దగ్గర పోల్ పెడితే అది మరో 33.7 డిగ్రీలు కలుపుతుంది, మొత్తం 180 దాటిపోతుంది. కోణాలు తగ్గాలంటే బిందువు కుడికి జరగాలి. అదే ఎత్తులో −1 నుంచి సుమారు −0.37కు వస్తేగాని లెక్క సరిపోదు. అదే −4 దగ్గర పోల్ బదులు జీరో పెడితే 33.7 డిగ్రీలు తీసివేయాలి కనుక బిందువు ఎడమకు జరిగి సరిగ్గా −2+j2 దగ్గర ఆగుతుంది. ఇది ఏ సిస్టమ్‌కైనా వర్తిస్తుంది కాబట్టి మీ లోపం వైరింగ్‌లోనే ఉంటుంది. ఫీడ్‌బ్యాక్ గుర్తు తారుమారైందేమో చూడండి.

వరంగల్ విశ్రాంత కంట్రోల్ ఇంజనీరు: కోణాల లెక్క చాలా చక్కగా చెప్పారు, దానితో నాకు పేచీ లేదు. ముగింపుతోనే ఉంది. గుర్తు తారుమారైతే మోటారు తక్కువ గెయిన్‌లోనే ఒక వైపు పరుగెత్తిపోయేది. ఈ అమ్మాయికి గెయిన్ బాగా పెంచాకే ఊగుడు మొదలైంది.

జీరో బిందువును ఎడమకు జరుపుతుందన్నది ఒక మాట, ఆ శాఖ చివరిదాకా ఎడమ సగంలోనే ఉంటుందన్నది వేరొక మాట. ఆమె మోడల్‌కే −z దగ్గర జీరో కలిపి చూడండి. క్లోజ్డ్ లూప్ సమీకరణం `s³ + 6s² + (8+K)s + zK = 0` అవుతుంది, రౌత్ పట్టిక `48 > (z−6)K` అనే ఒక్క షరతు ఇస్తుంది. జీరో 6 లోపల ఉంటే K ఎంతైనా పెంచుకోవచ్చు. −7 దగ్గర పెడితే మాత్రం K 48 దాటగానే శాఖలు ఊహాత్మక అక్షాన్ని దాటి కుడికి వెళ్తాయి. 6 అన్నది 0, 2, 4ల మొత్తమే. జీరో అంతకంటే దూరమైతే అసింప్టోట్లు కలిసే చోటు కుడి సగంలో పడుతుంది. అయినా −7 జీరో పనికిరానిదని కాదు: జీరో లేనప్పుడు హద్దు 48, ఇప్పుడు `s` సున్నా దగ్గరి గెయిన్ 7K కనుక 336. ఎడమకు వంచింది, కానీ పూర్తిగా కాపాడలేదు.

ఈ లెక్కన ఆమె పెట్టిన −3 సురక్షితమే. అయినా ఊగిందంటే లూప్‌లో ఎక్కడో కాగితం మీద రాయని పోల్ ఉండాలి. అమ్మా, మీ డెరివేటివ్ బ్లాకులో ఫిల్టర్‌కు ఏ సంఖ్య పెట్టారు?

హనుమకొండ విద్యార్థిని: 20 అని ఉంది సార్. అది కొలతలోని రొద తగ్గించడానికే అనుకుని లెక్కలో తీసుకోలేదు.

వరంగల్ విశ్రాంత కంట్రోల్ ఇంజనీరు: అదే మీరు వెతుకుతున్న పోల్. జీరోను ఒంటరిగా ఏ పరికరమూ ఇవ్వలేదు. దాని వెంట ఒక పోల్ వస్తుంది. −20 పోల్ కలిపితే నాలుగు పోల్స్, ఒక జీరో అవుతాయి కాబట్టి మూడు శాఖలు అనంతానికి వెళ్తాయి, వాటిలో రెండు 60 డిగ్రీల వాలుతో కుడికి తిరుగుతాయి. `K(s+3)/(s(s+2)(s+4)(s+20))` మీద రౌత్ పట్టిక వేస్తే K సుమారు 1354 దగ్గర హద్దు వస్తుంది, అక్కడ ఊగుడు సెకనుకు 7.6 రేడియన్లు. ఈ K పెద్దదిగా కనబడుతుంది గానీ, 3/20తో గుణించి పాత లెక్కలోకి తెస్తే 203. అంటే మీ జీరో 48ని 203 చేసింది, అనంతం చేయలేదు.

గోదావరిఖని ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్: ఇంత లెక్క ఎందుకు, ముందు సెన్సర్ జీరో సరిచేసి చూడండి. మా దగ్గర ట్రాన్స్‌మిటర్ జీరో జరిగిపోతే రీడింగులన్నీ తప్పుతాయి. ఇంకొక మాట. బాయిలర్ డ్రమ్‌లో మట్టం తగ్గిందని చల్లని ఫీడ్ నీరు పెంచితే మట్టం ముందు ఇంకా తగ్గి, ఆ తరువాత పెరుగుతుంది. ఆ తొలి తగ్గుదలను నమ్మి కంట్రోలర్ గెయిన్ పెంచినవాళ్ళందరికీ మట్టం ఊగడమే మిగిలింది.

వరంగల్ విశ్రాంత కంట్రోల్ ఇంజనీరు: ట్రాన్స్‌మిటర్ జీరో వేరు, ఇక్కడి జీరో వేరు అన్నా. కానీ మీ డ్రమ్ సంగతి ఈ చర్చకు నేరుగా తగులుతుంది. చల్లని నీటికి ఆవిరి బుడగలు కుదించుకుపోయి మట్టం ముందు తప్పు దిక్కుకు కదలడమంటే, జీరో కుడి సగంలో ఉందని అర్థం. `K(4−s)/(s(s+2))` తీసుకోండి: సమీకరణం `s² + (2−K)s + 4K = 0`, K 2 దాటితే అస్థిరం. జీరో లేకుండా ఇదే సిస్టమ్ ఏ గెయిన్‌కైనా స్థిరంగా ఉండేది. ఇక్కడ జీరోయే శాఖను కుడికి లాగింది. దానిని కుడి సగంలోని పోల్‌తో కొట్టివేయాలని చూడకూడదు. కాగితం మీద పోయినట్టు కనబడినా ఆ అస్థిర పోల్ లూప్ లోపలే ఉండిపోతుంది.

కాజీపేట అధ్యాపకుడు: జీరో విషయంలో నేను తొందరపడ్డాను, ఒప్పుకుంటున్నాను. ఎడమ సగంలోని జీరో అని చెప్పి ఉండవలసింది, ఫిల్టర్‌ను కూడా అడిగి ఉండవలసింది. కానీ పోల్ కలిపితే స్థిరత్వం తగ్గుతుందన్న సగం మాత్రం మారదు.

కరీంనగర్ ఎలక్ట్రానిక్స్ మిత్రుడు: అదీ అంత గట్టిగా అనలేం సార్. 741 ఆప్ ఆంప్ చిప్ లోపల 30 పికోఫారడ్ కెపాసిటర్ పెట్టినది కావాలని నెమ్మదైన పోల్ తేవడానికే. `A/(s+1)³` లూప్‌లో A 8 దాటితే ఊగుతుంది. దానికి `1/(1+100s)` కలిపితే A సుమారు 91 దాకా వెళ్ళవచ్చు.

కాజీపేట అధ్యాపకుడు: ఆ హద్దు పెరిగింది, వేగం పడిపోయింది. పోల్ పై పౌనఃపున్యాల గెయిన్‌ను అణచివేసింది కాబట్టి A పెంచుకునే చోటు దొరికింది, అంతే. శాఖలు మునుపటిలాగే కుడికే వెళ్తున్నప్పుడు దానిని స్థిరత్వం పెరగడం అనను.

కరీంనగర్ ఎలక్ట్రానిక్స్ మిత్రుడు: A 50 దగ్గర మీ లూప్ ఊగుతుంది, నా లూప్ ఊగదు. దానిని మరే పేరుతో పిలవాలో నాకు తెలియడం లేదు.

వరంగల్ విశ్రాంత కంట్రోల్ ఇంజనీరు: ఇద్దరూ వేర్వేరు గెయిన్‌లను పోలుస్తున్నారు, ఇది ఈ పూట తెగదు. అమ్మా, మీరు ఒక్క పని చేయండి. ఫిల్టర్‌ను 20 నుంచి 40కి మార్చి, హద్దు దగ్గరి ఊగుడును స్కోపులో కొలవండి. తప్పు ఆ పోల్‌దే అయితే 7.6 దగ్గరి ఊగుడు సుమారు 10.9 రేడియన్లకు చేరాలి. చేరకపోతే మోటారు డ్రైవర్‌లోనో సెన్సర్‌లోనో మరొక ఆలస్యం దాగి ఉంది.

హనుమకొండ విద్యార్థిని: సోమవారం ల్యాబ్ ఉంది సార్. రెండు ఫిల్టర్లతోనూ కొలిచి అంకెలు ఇక్కడే రాస్తాను.