ఫేస్‌బుక్ ఫారంలో ప్రశ్నలు పెంచితే ఉత్తుత్తి లీడ్లు తగ్గుతాయా?

పాలమూరు సోలార్: మహబూబ్‌నగర్‌లో ఇళ్ల మీద సోలార్ పెడతాను. ఫేస్‌బుక్, ఇన్‌స్టా ఫారం యాడ్‌కి పోయిన నెల 12,000 పెడితే 150 లీడ్లు, అంటే ఫారం నింపినవాళ్ల పేర్లు, నంబర్లు వచ్చాయి. సగం మంది ఫోన్ ఎత్తరు, ఎత్తినవాళ్లు "మేమెప్పుడు నింపాం?" అంటారు. ఇల్లు చూసే దాకా వచ్చినవి 9. ప్రశ్నలు పెంచితే లీడ్ రేటు పెరుగుతుందంటున్నారు. పెంచాలా, వద్దా?

జడ్చర్ల కుర్రోడు: వద్దన్నా. ఒక్కో ప్రశ్నకి కొంతమంది జారిపోతారు. నేను కోచింగ్ సెంటర్‌కి యాడ్స్ చూస్తాను, పేరు, నంబర్ తప్ప ఏమీ అడగను. ఇద్దరు అమ్మాయిలు కూర్చొని అందరికీ కాల్ చేస్తారు. ఎక్కువ లీడ్లు, ఎక్కువ కాల్స్, అంతే లెక్క.

నీలగిరి యాడ్స్: తమ్మీ, నీకు ఇద్దరున్నారు, ఆయన ఒక్కడే. సోలార్ అన్నా, లీడ్ రేటు కాదు, ఇల్లు చూసిన రేటు చూడండి. మీకు ఒక్కో లీడ్ 80, కానీ ఒక్కో ఇల్లు 1,333 పడింది. నల్లగొండలో మీలాంటి పనే చేసే ఒకాయనకి అదే 12,000తో ప్రశ్నలు పెట్టి నడిపాం. 58 లీడ్లే వచ్చాయి, ఒక్కోటి 207. మూడో రోజే ఫోన్ చేసి తిట్టాడు. నెల తిరిగేసరికి 17 ఇళ్లు చూశాడు, ఇంటికి 706 పడింది.

ఫారంలో పేరు, నంబర్ ప్రొఫైల్ నుంచి వాటంతటవే నిండుతాయి. అందుకే రెండు నొక్కుల్లో పని అయిపోతుంది, నింపినట్టు మనిషికి గుర్తే ఉండదు. ముందు Form type లో Higher intent ఎంచుకోండి. పంపే ముందు వివరాలు ఇంకోసారి చూపిస్తుంది. తర్వాత మూడే ప్రశ్నలు పెట్టండి.

మొదటిది ఇల్లు. "సొంత ఇల్లేనా?" అంటే అందరూ అవునంటారు. "మీరుండేది?" అని అడిగి అద్దె ఇల్లు, అపార్ట్‌మెంట్, సొంత ఇల్లు అని వరసగా పెట్టండి. చూడకుండా నొక్కేవాడి వేలు పైదాని మీదే పడుతుంది, అందుకే మనకు పనికిరానిది పైన ఉండాలి. మేము మొదట సొంత ఇల్లు పైన పెట్టి దెబ్బతిన్నాం. అద్దె అన్నవాళ్లను వేరే ముగింపు పేజీకి పంపే ఏర్పాటు ఫారంలోనే ఉంది.

రెండోది నెల కరెంటు బిల్లు. బడ్జెట్ అడగొద్దు, తక్కువ చెబుతారు. బిల్లు అంకె మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. ఐదు వందల లోపు బిల్లు వచ్చే ఇంటికి 3 కిలోవాట్లు పెడితే, 78,000 సబ్సిడీ వచ్చినా పెట్టుబడి తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది.

మూడోది మీ ఊరు, కాలనీ. దీనికి ఆప్షన్లు ఇవ్వకండి, టైప్ చేయించండి. బొటనవేలు ఆగేది అక్కడే.

దేవరకొండ బస్సు: నేను మీరు చెప్పే ఉత్తుత్తి లీడ్‌నే! హైదరాబాద్ నుంచి వస్తూ బస్సులో ప్లాట్ల యాడ్ ఫొటో చూద్దామని నొక్కాను. ఏదో నీలం బటన్ వచ్చింది, అదీ నొక్కాను. అందులో ఉన్నది నా పాత నంబర్, ఇప్పుడది మా బామ్మర్ది వాడుతున్నాడు. వాడికి వారం పాటు కాల్స్. ఊరు రాయమని ఉంటే అప్పుడే మూసేసేవాణ్ణి. ఇంతకీ నా నంబర్ వాళ్ల దగ్గర ఎట్లా తీయించాలి?

జడ్చర్ల కుర్రోడు: సరే, కానీ నెలకి 58 అంటే యాడ్ సెట్ ఎవరికి చూపించాలో నేర్చుకునే లెర్నింగ్ దశలోనే ఉండిపోతుంది కదా? అది దాటాలంటే వారానికి 50 దాకా లీడ్లు రావాలంటారు.

నీలగిరి యాడ్స్: అది నిజమే. చిన్న బడ్జెట్‌కి ఆ నష్టం తప్పదు. అందుకే ఐదారు ప్రశ్నలు వద్దన్నాను. మండలానికో యాడ్ సెట్ పెట్టకుండా జిల్లా మొత్తానికి ఒకటే పెడితే కొంత నయం. నువ్వన్న కాల్స్ సంగతీ అబద్ధం కాదు. మంచి లీడ్ అయినా రెండు రోజులాగితే మనల్ని మర్చిపోతాడు. అన్నా, మీరెప్పుడు కాల్ చేస్తున్నారు?

పాలమూరు సోలార్: రాత్రి, సైట్ నుంచి వచ్చాక. ఒక్కోసారి మర్నాడు. ఇంకోటి, అద్దెకుంటూ సొంతిల్లు కట్టుకుంటున్నవాళ్లు పోతారు కదా?

నీలగిరి యాడ్స్: పోతారు. "కడుతున్నాం" అని ఇంకో ఆప్షన్ పెట్టొచ్చు. దాంతో లాభమో నష్టమో నేనింకా చూడలేదు. పబ్లిష్ చేసిన ఫారం మార్చనివ్వదు, కాపీ తీసి కొత్తది చేయండి.

పాలమూరు సోలార్: ఆరు రోజులైంది. 14 లీడ్లు. ఊరి దగ్గర ఒకరు "ఓకే" అని రాశారు. ఇంకొకాయన "భూత్పూర్, గుడి వెనక" అని రాశాడు. పావుగంటలో కాల్ చేస్తే పొద్దున్నే రమ్మన్నాడు. బిల్లు 2,400, ఇల్లు సొంతమే. వెళ్లి చూస్తే పైన రేకులు, కింద ఇనుప పైపులు తుప్పు పట్టి ఉన్నాయి. స్లాబా, రేకులా అని నాలుగో ప్రశ్న పెట్టమంటారా?

జడ్చర్ల కుర్రోడు: 😄 చూశారా, మొదలైంది.