అప్‌డేట్: షోరూం సూపర్‌వైజర్ నుంచి కస్టమర్ సక్సెస్‌కి, కవర్ లెటర్ సంగతి తేలింది

నా పాత ప్రశ్న: "బట్టల షోరూంలో ఆరేళ్లుగా సూపర్‌వైజర్‌ని. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కస్టమర్ సక్సెస్ ఉద్యోగాలకి కవర్ లెటర్ పంపుతుంటే ఒక్క కాల్ కూడా రావట్లేదు. తప్పెక్కడ?"

ఉద్యోగం వచ్చింది, సోమవారమే చేరాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసిన సలహా ఇది: డ్యూటీల చిట్టా తీసేసి, దూరమైన కస్టమర్లని వెనక్కి తెచ్చిన ఒక్క సంగతి రాయమన్నది. నా పాత లెటర్‌లో బిల్లింగ్, స్టాక్, షిఫ్టులు, కోపంగా వచ్చినవాళ్లని శాంతపరచడం, ఇవే ఉన్నాయి. అవి చదివితే సపోర్ట్ ఉద్యోగం అడుగుతున్నట్టు ఉందని ఇంటర్వ్యూలో మేనేజర్ కూడా చెప్పారు. సమస్య వచ్చాక తీర్చడం సపోర్ట్, కస్టమర్ వెళ్లిపోకముందే కనిపెట్టడం కస్టమర్ సక్సెస్.

కొత్త లెటర్‌లో రాసింది: మూడు నెలలుగా రాని 60 మంది పాత కస్టమర్లకి ఫోన్ చేస్తే, ఎక్కువమంది ఆల్టరేషన్ ఆలస్యం గురించే చెప్పారు, దాంతో ఇచ్చే తేదీని బిల్లు మీదే రాయించడం మొదలుపెట్టాం, రెండు నెలల్లో 22 మంది మళ్లీ కొన్నారు. దాని కిందే ఒక వాక్యం: మీ దగ్గర లాగిన్లు తగ్గిన ఖాతాని రెన్యువల్‌కి ముందే గమనించి మాట్లాడటం కూడా ఇలాంటి పనే. సాఫ్ట్‌వేర్ అనుభవం లేదని దాచకుండా, వాళ్ల ఫ్రీ ట్రయల్ వాడి చూసి ఎక్కడ ఆగిపోయానో రెండు లైన్లలో చెప్పాను. ఇంటర్వ్యూలో ఎక్కువ ప్రశ్నలు దాని మీదే వచ్చాయి.

కస్టమర్ సక్సెస్‌లో సర్టిఫికెట్ కోర్సు ఏదైనా చేశానా అని మాత్రం ఎవరూ అడగలేదు.