సెమినార్‌కి అబ్‌స్ట్రాక్ట్ రాస్తున్నాను, 250 పదాల్లో ఇమడటం లేదు. ఎక్కడ కొయ్యాలి?

బ్రాడీపేట_కామర్స్:
అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. వచ్చే నెల విజయవాడలో జరిగే సెమినార్‌కి, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లల డిజిటల్ అక్షరాస్యత మీద పేపర్ ఇద్దామనుకున్నాను. అబ్‌స్ట్రాక్ట్ 250 పదాలు దాటకూడదట. నాది 410 వచ్చింది. మొదలు, చివర ఇక్కడ పెడుతున్నాను.

"నేటి సాంకేతిక యుగంలో డిజిటల్ అక్షరాస్యత ప్రతి విద్యార్థికీ అత్యావశ్యకం... తొలితరం విద్యార్థులు డిజిటల్ నైపుణ్యాల్లో గణనీయంగా వెనుకబడి ఉన్నారని ఈ అధ్యయనం నిరూపిస్తున్నది."

మధ్యలో ప్రభుత్వ పథకాల గురించి ఒక పేరా, సర్వే గురించి ఒక పేరా ఉన్నాయి. ఏది తీసెయ్యమంటారు?

నంబూరు_పాతకాపు:
మేడమ్, మొదటి వాక్యం తీసెయ్యండి, పథకాల పేరా తీసెయ్యండి. సగం బరువు అక్కడే దిగుతుంది. సెమినార్లకి వచ్చిన అబ్‌స్ట్రాక్టులు పదేళ్లుగా చూస్తున్నాను, పదింట ఏడు "నేటి యుగంలో" అనే మొదలవుతాయి. చదివేవాడు అక్కడే పక్క కాగితం అందుకుంటాడు.

అసలు చిక్కు పదాల్లో లేదు, "నిరూపిస్తున్నది" అన్న మాటలో ఉంది. ఎంతమందిని చూశారు? ఏం అడిగారు? అడిగారా, చేయించారా?

బ్రాడీపేట_కామర్స్:
రెండూ చేశాను సార్. బీకాం రెండో సంవత్సరం సెక్షన్‌లో 61 మంది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఇంటర్ దాటనివాళ్లు 46 మంది, మిగతా 15 మంది ఇళ్లలో ఒకరైనా డిగ్రీ చదివారు. ముందు ఫారంలో "ఫైలు జతచేసి ఈమెయిల్ పంపగలరా?" అని అడిగితే 46లో 38 మంది పంపగలం అన్నారు. వారం తర్వాత ల్యాబ్‌లో కూర్చోబెట్టి, పీడీఎఫ్ ఒకటి డౌన్‌లోడ్ చేసి సొంత మెయిల్ నుంచి నాకు పంపమన్నాను. 15 నిమిషాలు టైమిచ్చాను. 46లో 17 మంది పంపగలిగారు. ఆ 15లో 9 మంది.

లెక్కల_పిచ్చి:
ఇంకేం మేడమ్! 37 శాతం ఒకవైపు, 60 శాతం ఒకవైపు. ఇంత తేడా కళ్లకి కనిపిస్తుంటే కై-స్క్వేర్ చేసి "సిగ్నిఫికెంట్" అని రాసెయ్యండి. పి వాల్యూ లేకపోతే రివ్యూవర్లు చూడరు.

నంబూరు_పాతకాపు:
తమ్ముడూ, చెయ్యమన్నావు సరే, చేశావా? నేను ఇప్పుడే కాగితం మీద వేశాను. నాలుగు గళ్ల పట్టికలో 17, 29, 9, 6. విలువ 2.46 దగ్గర వస్తుంది. అయిదు శాతం స్థాయిలో తేడా ఉందనాలంటే 3.84 దాటాలి. దాటలేదు. అటువైపు 15 మందే ఉన్నారు, ఒక్కొక్కరూ ఏడు శాతానికి దగ్గర. ఇద్దరు ఆ రోజు సరిగ్గా నిద్రపోకపోతే 60 కాస్తా 47 అవుతుంది.

అంటే తేడా లేదని కాదు. ఈ సంఖ్యలతో ఉందని చెప్పలేం, అంతే.

లెక్కల_పిచ్చి:
ఒప్పుకుంటున్నాను. నేను శాతాలే చూశాను. కానీ అలాగైతే పేపర్‌లో చెప్పడానికి ఏం మిగిలింది?

నంబూరు_పాతకాపు:
చాలా మిగిలింది. ఇంకో గుంపుతో పోల్చి చెప్పేదానికన్నా, 38 మంది వచ్చన్నారు, 17 మందే చేశారు అన్నది గట్టి విషయం. మన జాతీయ నమూనా సర్వే 78వ రౌండులో కూడా ఫైలు జతచేసి మెయిల్ పంపడం వచ్చా అని అడిగారు. అడిగి రాసుకున్నారు, చేయించి చూడలేదు. అంత పెద్ద సర్వేలో చేయించడం కుదరదు కూడా. మీరు చేయించారు. 2002లో ఎస్టర్ హర్గిట్టాయ్ న్యూజెర్సీలో 54 మందిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పనులిచ్చి చూసింది. ఆ చిన్న పనినే ఇప్పటికీ అందరూ చెప్పుకుంటున్నారు. మీ 61 మంది తక్కువేమీ కాదు.

ఇప్పుడు చెప్పండి, పంపలేని 29 మంది ఎక్కడ ఆగిపోయారు?

బ్రాడీపేట_కామర్స్:
అది అబ్‌స్ట్రాక్ట్‌లో రాయలేదు సార్, నోట్‌బుక్‌లో ఉంది. 7 మంది అడ్రస్ తప్పు కొట్టారు, లేదా ఉత్తరమంతా సబ్జెక్ట్ గడిలో రాసి ఫైలు మరిచారు. 9 మంది డౌన్‌లోడ్ చేశారు కానీ ఫైలు ఎక్కడికి పోయిందో వెతుక్కోలేకపోయారు. మిగతా 13 మంది అసలు మెయిల్లోకే వెళ్లలేకపోయారు. పాస్‌వర్డ్ తెలియదు. "మర్చిపోయారా" నొక్కితే ఓటీపీ వేరే నంబరుకి పోతోంది. ఒకమ్మాయి ఆ చివరి రెండంకెలు చూసి "ఇది నెట్ సెంటర్ అన్న నంబరు మేడమ్" అంది. ఇంకో అబ్బాయిది వాళ్ల బాబాయిది, ఆయన చెన్నైలో ఉన్నాడు.

నంబూరు_పాతకాపు:
మేడమ్, మీ పేపర్ ఇదే. దీన్ని నోట్‌బుక్‌లో దాచి, పథకాల గురించి పేరా రాశారా!

ఆ 13 మందికి అటాచ్ చెయ్యడం వచ్చో రాదో మీకు తెలియదు. తలుపు దగ్గరే ఆగిపోయారు. వాళ్లని "నైపుణ్యం లేదు" అనే లెక్కలో వేస్తే తప్పు. లోపలికి వెళ్లగలిగిన 33 మందిలో 17 మంది చేశారు, సగానికి కాస్త పైన. ఆ 15 మందిలో లాగిన్ కాలేనివాళ్లు ఎందరు?

బ్రాడీపేట_కామర్స్:
ఒక్కడే.

నంబూరు_పాతకాపు:
అయితే అక్కడ 14లో 9, అంటే 64 శాతం. ఇక్కడ 52. ఇరవై మూడు పాయింట్ల తేడా పన్నెండు పదమూడుకి పడిపోయింది. రెండు గుంపుల మధ్య తేడాలో పెద్ద భాగం వేళ్లలోనూ బుర్రలోనూ లేదు, ఖాతా ఎవరి చేతిలో ఉంది అన్నదాంట్లో ఉన్నట్టుంది. "ఉన్నట్టుంది" అనే రాయండి. లోపలికి వెళ్లని 13 మంది వెళ్లినా చెయ్యలేకపోయేవాళ్లేమో, మనకి తెలియదు.

గవర్నర్‌పేట_అమ్మ:
మా అబ్బాయికీ ఇదే సమస్యండి, డిజిలాకర్‌లో టెన్త్ మార్కుల లిస్టు రావడం లేదు, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, మెమోలో పొడి అక్షరమే ఉంది. ఎవరిని కలవాలి?

బ్రాడీపేట_కామర్స్:
అమ్మా, ఇది వేరే చర్చండి. పేరు తేడా అయితే ముందు స్కూల్ హెడ్‌మాస్టర్ దగ్గర మొదలుపెట్టండి. వేరేగా అడిగితే తెలిసినవాళ్లు వివరంగా చెబుతారు.

కొత్తపేట_నెట్‌సెంటర్:
ఇందాకటి నుంచి చదువుతున్నా. ఆ "నెట్ సెంటర్ అన్న" నాలాంటోడే కాబట్టి చెప్తాను. డిగ్రీ అడ్మిషన్ల సీజన్‌లో నా షాపు ముందు రోజుకి నలభై మంది నిలబడతారు. ఆన్‌లైన్ అప్లికేషన్‌కి మెయిల్ ఐడీ కావాలి. పిల్లకి ఫోన్ లేదు, నాన్న ఫోన్ పొలంలో ఉంది. ఓటీపీ వచ్చేలోపు టైమైపోతుంది. నా నంబరు వేసి, ఐడీ చేసి, పాస్‌వర్డ్ అప్లికేషన్ జిరాక్స్ వెనక రాసిస్తా. ఆ జిరాక్స్ కాలేజీలో ఇచ్చేస్తారు. మూడేళ్లలో నేను రెండు సిమ్ములు మార్చా. నన్ను విలన్ చేసి రాయకండి.

నంబూరు_పాతకాపు:
విలన్ ఏం కాదు బాబూ. నువ్వు ఇప్పుడు చెప్పింది పేపర్‌లో ఉండాల్సిన మాట. మేడమ్, ఆ 13 మందినీ ఐడీ ఎవరు చేసిచ్చారో విడిగా అడగండి. ఇద్దరు ముగ్గురు నెట్ సెంటర్ల వాళ్లనూ అడగండి. పేర్లు వద్దు, కాలేజీ పేరు కూడా వద్దు. పాస్‌వర్డులు మీ నోట్‌బుక్‌లో రాసుకోలేదు కదా?

బ్రాడీపేట_కామర్స్:
లేదు సార్, అమ్మో.

సత్తెనపల్లి_మొదటోడు:
మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదట, అందుకే రెండు మాటలు. ఒకటి, మీ పరీక్ష కంప్యూటర్ మీద పెట్టారు. అదే పని ఫోన్‌లో అయితే షేర్ నొక్కి అర నిమిషంలో పంపేవాణ్ణి. నేను మౌస్ మొదటిసారి పట్టుకుంది డిగ్రీ ల్యాబ్‌లోనే. ఆ 9 మంది ఫైలు కనపడక ఆగిపోయింది తెలివి లేక కాదు, ఫోన్‌లో ఫోల్డర్లు చూసే అలవాటు లేక.

రెండోది, మా అక్క నాకన్నా ముందు కాలేజీకి వెళ్లి రెండో ఏడు మానేసింది. మీ లెక్కలో నేను తొలితరమే. కానీ మెయిల్ ఎలా పంపాలో నాకు నేర్పింది అక్కే. నన్ను ఎందులో వేస్తారు?

లెక్కల_పిచ్చి:
తమిళనాడులో తొలి పట్టభద్రుడి సర్టిఫికెట్‌కి ఇంట్లో అన్నయ్యో అక్కో డిగ్రీ చేసుంటే ఇవ్వరు. అమెరికా చట్టంలో తల్లిదండ్రులే లెక్క. అక్కడ డిగ్రీ పూర్తి చెయ్యకపోతే చాలు, కాలేజీకి వెళ్లి ఆగినా పిల్లలు తొలితరమే.

నంబూరు_పాతకాపు:
ఈసారి సరిగ్గా పట్టుకున్నావు. మేడమ్, ఏ నిర్వచనం తీసుకున్నారో ఒక ముక్కలో అబ్‌స్ట్రాక్ట్‌లోనే రాసెయ్యండి. అన్నయ్యలూ అక్కలూ ఉన్నవాళ్లని పేపర్‌లో విడిగా చూపించండి.

ఫోన్ సంగతి మాత్రం నాకూ తేలడం లేదు. ఫోన్‌లో పెడితే మెయిల్ ముందే తెరిచి ఉంటుంది, ఆ 13 మంది చిక్కు బయటపడేదే కాదు. కంప్యూటర్ మీద పెడితే అలవాటు లేనితనం కూడా కలిసిపోతుంది.

గోరంట్ల_పీహెచ్‌డీ:
ఒక అభ్యంతరం. ఖాతా చేతిలో ఉంచుకోవడం నైపుణ్యం కాదంటున్నారు. యూరప్ వాళ్ల డిజ్‌కాంప్ అనే డిజిటల్ సామర్థ్యాల చట్రంలో 21 సామర్థ్యాలున్నాయి, అందులో డిజిటల్ గుర్తింపును నిర్వహించుకోవడం కూడా ఒకటి. ఆ లెక్కన ఆ 13 మందిది కూడా డిజిటల్ అక్షరాస్యత లోపమే.

నంబూరు_పాతకాపు:
చట్రంలో ఉన్న మాట నిజమే. ఫోన్ లేని పిల్ల ఏ నంబరుతో గుర్తింపు నిర్వహించుకోవాలో ఆ చట్రంలో ఉందా? నేను ఒప్పుకోను. పేపర్‌లో రెండు వాదనలూ పెట్టొచ్చు. అబ్‌స్ట్రాక్ట్‌లో "లోపం" అనకుండా, ఎక్కడ ఆగారో చెబితే చాలు.

బ్రాడీపేట_కామర్స్:
రాత్రి కూర్చుని మళ్లీ రాశాను. 110 పదాల్లోపే వచ్చింది, నాకే నమ్మకం కలగడం లేదు.

"ఈమెయిల్ పంపడం వచ్చని విద్యార్థులు చెప్పేదానికీ, చేసి చూపించేదానికీ ఉన్న ఎడాన్ని ఈ పత్రం పరిశీలిస్తుంది. గుంటూరులోని ఒక డిగ్రీ కళాశాలలో ఒకే సెక్షన్‌కు చెందిన 61 మందిలో, తల్లిదండ్రులిద్దరూ ఇంటర్ దాటని 46 మందిని తొలితరం విద్యార్థులుగా తీసుకున్నాం. వీరిలో 38 మంది ఫైలు జతచేసి ఈమెయిల్ పంపగలమన్నారు. ల్యాబ్ కంప్యూటర్‌పై 15 నిమిషాల్లో 17 మంది పంపారు. పంపలేని 29 మందిలో 13 మంది తమ ఖాతాలోకే వెళ్లలేకపోయారు, 9 మందికి దించుకున్న ఫైలు దొరకలేదు, 7 మంది చిరునామా, జతచేయడం వంటి చోట్ల తప్పారు. మిగతా 15 మందిలో 9 మంది పంపారు. ఈ తేడా గణాంకపరంగా నిలబడేంత పెద్దది కాదు. ఖాతాను ఎవరు, ఎవరి ఫోన్ నంబరుతో తెరిచారన్నది ఇంటర్వ్యూల ద్వారా వివరిస్తాం. ఒకే సెక్షన్, ఒకే పని, కంప్యూటర్ మీద మాత్రమే చేయించడం ఈ అధ్యయనం పరిమితులు."

నంబూరు_పాతకాపు:
పంపించెయ్యండి. ఒక్క మార్పు: "ఇంటర్వ్యూల ద్వారా వివరిస్తాం" అన్నారు, ఇంటర్వ్యూలు ఇంకా చెయ్యలేదు. సెమినార్‌లోపు పూర్తవుతాయనుకుంటేనే ఆ వాక్యం ఉంచండి.

బ్రాడీపేట_కామర్స్:
సోమవారం నుంచి మొదలుపెడుతున్నా సార్. 13లో 4గురు ఇప్పటికే ఒప్పుకున్నారు.

కొత్తపేట_నెట్‌సెంటర్:
మేడమ్, నా దగ్గరికీ రండి, మధ్యాహ్నం రెండు తర్వాత ఖాళీ. పాత సిమ్ ఒకటి ఇంకా పనిచేస్తోంది. దాంతో చేసిన ఐడీల పిల్లలెవరైనా ఉంటే తీసుకురండి, ఓటీపీ చెప్తా, వాళ్ల నంబరు మార్చుకుని పోతారు.

సత్తెనపల్లి_మొదటోడు:
అన్నా, రెండో సిమ్‌తో చేసినవాళ్లో?

కొత్తపేట_నెట్‌సెంటర్:
అది ఇప్పుడు ఎవరి దగ్గరుందో నాకూ తెలీదు తమ్ముడూ.