అప్‌డేట్: మూడు టైములు ఇచ్చి చూశాను

నా ప్రశ్న: మీటింగ్ కోసం "మీకెప్పుడు వీలవుతుంది?" అని మెయిల్ పెడితే క్లయింట్ నుంచి రోజుల తరబడి జవాబు రావట్లేదు. ఏం చేయాలి?

అలా అడగకుండా మనమే మూడు టైములు ఇవ్వాలని మీరు చెప్పారు, అలాగే ఇచ్చాను. మొదటిసారి బోల్తా పడ్డాను. మూడూ మంగళవారం ఉదయమే ఇచ్చాను, ఆయన ఆ రోజంతా ప్రయాణంలో ఉన్నారట. కథ మళ్లీ మొదటికొచ్చింది.

రెండోసారి ఇలా రాశాను: "అరగంట చాలు. మంగళవారం ఉదయం 10:30, బుధవారం మధ్యాహ్నం 3:00, శుక్రవారం ఉదయం 11:30. వీటిలో ఏది కుదురుతుంది? ఏదీ కుదరకపోతే మీకు వీలైన రెండు టైములు చెప్పండి." గంటలో "బుధవారం" అని ఒక్క మాటలో జవాబు!

అసలు టెన్షన్ తర్వాత వచ్చింది. అదే బుధవారం 3:00 ఇంకో క్లయింట్‌కీ ఇచ్చాను, ఆయనా సరేనన్నారు. తప్పు నాదే, క్షమాపణ చెప్పి మార్చుకున్నాను. ఇప్పుడు మెయిల్ పంపేముందే మూడు టైములనూ క్యాలెండర్‌లో తాత్కాలికంగా బ్లాక్ చేస్తున్నాను. "రేపు సాయంత్రం 5:00 వరకు ఇవి మీకోసం ఉంచుతాను" అనీ రాస్తున్నాను. గడువు దాటితే తీసేస్తాను. జవాబు రాగానే మిగతా రెండూ ఖాళీ చేసి, ఇన్వైట్ పంపుతాను.

అటువైపు నలుగురైదుగురు ఉంటే మాత్రం ఇది పని చేయలేదు. అక్కడ పోల్ లింకే పెడుతున్నాను.