హైదరాబాద్ ఫుడ్ ఎక్స్‌పోలో స్టాల్: లక్షా నలభై మూడు వేలు పెడితే తిరిగి వస్తాయా?

తెనాలి కోడలు: మాది కారప్పొడుల వ్యాపారం. కందిపొడి, నల్లకారం, కరివేపాకు పొడి, ఇడ్లీ పొడి చేస్తాం. హైటెక్స్‌లో జరిగే మూడు రోజుల ఫుడ్ ఎక్స్‌పోలో స్టాల్ తీసుకుందామనుకుంటున్నాం. డిస్ట్రిబ్యూటర్లు దొరకాలన్నదే ఆశ. లెక్క ఇలా వేశాను. 9 చదరపు మీటర్ల స్టాల్, మీటరు 8,000 చొప్పున 72,000. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 84,960. డిస్‌ప్లేకి 25,000, శాంపిల్ సాచెట్లకి 15,000, బస్సు, రూము, భోజనాలకి 18,000. మొత్తం 1,42,960. ఐదు లక్షల ఆర్డర్లు వచ్చినా మాకు సగానికి సగం మిగులుతుంది కాబట్టి రెండున్నర లక్షలు చేతికొస్తాయి. మా ఆయన మాత్రం టెన్షన్ పడుతున్నారు. నా లెక్కలో తప్పుందా?

గోదారి స్నాక్స్: ధైర్యంగా వెళ్లండి అక్కా. స్టాల్ దగ్గరే ప్యాకెట్లు అమ్మేయండి, అద్దె అక్కడికక్కడే వచ్చేస్తుంది. పోయినేడు నేను రాజమండ్రి ఎగ్జిబిషన్‌లో అలాగే చేశాను. పైగా ఆడవాళ్ల పేరు మీద ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే స్టాల్ అద్దె కేంద్రమే మొత్తం వెనక్కి ఇస్తుంది.

ఏజెన్సీ బాబాయ్: అమ్మా, ముందు ఆ "సగానికి సగం" ఎక్కడిదో చెప్పు. వంద గ్రాముల ప్యాకెట్ ఎమ్మార్పీ ఎంత, తయారీకి ఎంత పడుతుంది, డిస్ట్రిబ్యూటర్‌కి ఎంతకిస్తావు?

తెనాలి కోడలు: ఎమ్మార్పీ 80 బాబాయ్ గారూ. సరుకు, కవరు, కూలి అన్నీ కలిపి 40 పడుతుంది. ఇంటి దగ్గర 80కే అమ్ముతాం. డిస్ట్రిబ్యూటర్ రేటు ఇంకా అనుకోలేదు. 52 అయితే ఒప్పుకుంటారని ఒకాయన అన్నాడు.

ఏజెన్సీ బాబాయ్: తప్పు అక్కడే ఉంది. ఇంటి దగ్గర అమ్మితే 40 మిగులుతుంది, నిజమే. ఎక్స్‌పోలో నువ్వు వెతికేది డిస్ట్రిబ్యూటర్‌ని కదా. 52కి ఇస్తే 12 మిగులుతుంది, లారీ ఆఫీసు బాడుగ ప్యాకెట్‌కి 2 తీసేస్తే 10. ఐదు లక్షల ఆర్డర్లంటే తొమ్మిదివేల ఆరొందల ప్యాకెట్లు, నీకు మిగిలేది తొంభై ఆరు వేలు. ఖర్చేమో లక్షా నలభై మూడు వేలు. మీ ఆయన టెన్షన్‌లో అర్థముంది.

పద్నాలుగేళ్లు పచ్చళ్ల ఏజెన్సీ నడిపాను కాబట్టి ఇంకోటి కూడా చెప్తాను. కొత్త బ్రాండ్‌కి ఎవరూ మొదటిసారే పెద్ద ఆర్డర్ ఇవ్వరు. చూద్దామని ఓ ఐదొందల ప్యాకెట్లు తీసుకుంటారు, అంటే 26,000. ఫెయిర్‌లో రాసుకున్న ఆర్డర్లన్నీ బిల్లు దాకా రావు. "పంపండి చూద్దాం" అన్నవాళ్లలో చాలామంది ఇంటికెళ్లాక ఫోన్ ఎత్తరు. అందుకని మొదటి ఆర్డర్లతో అద్దె రాబట్టాలని చూడకు. రిపీట్ ఆర్డర్లు ఎన్ని వస్తాయో చూసుకో.

ఏటికొప్పాక చెక్క: మేము ఢిల్లీలో ఏటా నవంబరులో జరిగే అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శనకి లక్కబొమ్మలు పట్టుకెళ్తాం. మాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏదీ అడగలేదు, పాన్ కార్డు, ఈ-వే బిల్లుతో సరిపోయింది. మీరూ అలాగే వెళ్లి అమ్ముకోవచ్చు.

ఏజెన్సీ బాబాయ్: నీవి హస్తకళల సరుకు తమ్ముడూ. చేతివృత్తుల వాళ్లకి ఇరవై లక్షల టర్నోవర్ దాకా ఆ మినహాయింపు ఉంది. కారప్పొడికి లేదు. ఆంధ్ర జీఎస్టీ నంబరుతో తెలంగాణలో కౌంటర్ పెట్టి అమ్మాలంటే, అమ్మకం మొదలుపెట్టడానికి కనీసం ఐదు రోజుల ముందే అక్కడ క్యాజువల్, అంటే తాత్కాలిక జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, వచ్చే పన్ను అంచనా వేసి ముందే కట్టాలి. గోదారి స్నాక్స్, మీరు రాజమండ్రిలో అమ్మింది సొంత రాష్ట్రంలో. హాల్లో ఆర్డర్లు రాసుకుని సరుకు తెనాలి నుంచి బిల్లు వేసి పంపితే ఈ గొడవ ఉండదు. ట్రేడ్ ఫెయిర్లలో కొన్నిచోట్ల చిల్లర అమ్మకం చేయనివ్వరు కూడా, ఫారంలో చూసుకోండి.

ఇక అద్దె వెనక్కి రావడం గురించి. చిన్న పరిశ్రమలకి అలాంటి పథకం ఉన్న మాట నిజం. అయితే అన్ని ఫెయిర్లకీ వర్తించదు. ముందు మనమే కట్టాలి, తర్వాత కాగితాలు పెట్టుకోవాలి. వస్తే పండగ, బడ్జెట్‌లో మాత్రం రాయొద్దు.

తెనాలి కోడలు: మేము జీఎస్టీలో చిన్న వ్యాపారులకిచ్చే కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నాం. ఏమన్నా ఇబ్బందా?

ఏజెన్సీ బాబాయ్: అదే పెద్ద ఇబ్బంది అమ్మా! కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. హైదరాబాద్ ఆర్డర్ వచ్చినా నువ్వు బిల్లు వేయలేవు. ముందు మీ ఆడిటర్‌తో మాట్లాడి CMP-04 ఫారం వేసి రెగ్యులర్ జీఎస్టీకి మారండి. అప్పుడు స్టాల్ మీద కట్టే 12,960 జీఎస్టీ కూడా క్రెడిట్‌గా, అంటే నువ్వు కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా రావచ్చు.

జీఎస్టీ గుమాస్తా: "రావచ్చు" అన్నది బాగుంది. స్టాల్ బిల్లు మీ ఆంధ్ర నంబరు మీద ఐజీఎస్టీతో ఇస్తే క్రెడిట్ వస్తుంది. తెలంగాణ సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసి ఇస్తే పోయినట్టే. హోటల్ బిల్లు మీద పన్ను ఎలాగూ రాదు. అడ్వాన్స్ కట్టకముందే బిల్లు ఎలా ఇస్తారో రాతపూర్వకంగా అడగండి.

ఏజెన్సీ బాబాయ్: స్టాల్ అద్దె స్థలానికి కట్టేది కదా, లోకల్ పన్నే పడుతుందని మా ఆడిటర్ అనేవాడు.

జీఎస్టీ గుమాస్తా: ఎగ్జిబిషన్ సర్వీసుకి, రిజిస్టరైన కొనుగోలుదారు ఉంటే అతని రాష్ట్రమే లెక్క అని నా వాదన. నిర్వాహకులు రెండు రకాలుగానూ వేస్తున్నారు.

పొడి ఇడ్లీ పద్మ: శాంపిల్స్ సంగతి ఎవరూ అనలేదు. 15,000కి ఇరవై గ్రాముల సాచెట్లు, ఒక్కోటి 5 అనుకున్నా 3,000 వస్తాయి. మొదటిరోజు మధ్యాహ్నానికల్లా అయిపోతాయి. సంచులు పట్టుకుని స్టాల్ స్టాల్ తిరిగేవాళ్లే పట్టుకుపోతారు. మూడోరోజు అసలు కొనేవాడు వస్తే చేతిలో ఏమీ ఉండదు. మాకు అదే జరిగింది. ఇప్పుడు అందరికీ రుచి చూపిస్తాను, సాచెట్ మాత్రం షాపు కార్డు ఇచ్చినవాళ్లకే. నాలుగు పొడులూ ఒక కవరులో, మీద రేటు కాగితం, కవరు 25 పడుతుంది. మూడొందల కవర్లు చాలు.

కారప్పొడి ఉత్తినే నాలుక మీద వేస్తే ఎవడికీ నచ్చదు, దగ్గొస్తుంది. వేడన్నం, నెయ్యి ఉండాలి, లేకపోతే బటన్ ఇడ్లీ. మేం వెళ్లిన హాల్లో గ్యాస్ పొయ్యి పెట్టనివ్వలేదు. రైస్ కుక్కర్‌కి కరెంటు లోడు ముందే రాసి డబ్బు కట్టాం. అక్కడికెళ్లాక అడిగితే రేటు పెరుగుతుంది. స్టాల్‌తో వచ్చేది ఒక టేబుల్, రెండు కుర్చీలు, నాలుగు లైట్లు, ఒక చిన్న ప్లగ్ పాయింటే. అదనంగా అడిగిన ప్రతి ర్యాకుకీ మూడు రోజుల అద్దె వేస్తారు, ఆ డబ్బుతో కొత్తది కొనుక్కోవచ్చు.

తెనాలి కోడలు: రాత్రి కూర్చుని మళ్లీ వేశాను. స్టాల్ పన్నుతో 84,960 (క్రెడిట్ రాదనే అనుకున్నా). ఇంట్లో ఉన్న ర్యాకులే తీసుకెళ్లి ఫ్లెక్సీ వేయిస్తే డిస్‌ప్లే 12,000. శాంపిల్ కవర్లు 7,500. కుక్కర్, కరెంటు, అన్నం, నెయ్యి 8,000. సామాను బండి, నాలుగు రాత్రుల రూము, భోజనాలు 22,000. మొత్తం 1,34,460. ప్యాకెట్‌కి 10 చొప్పున 13,446 ప్యాకెట్లు అమ్మాలి, అంటే ఏడు లక్షల సరుకు. మొదటి ఆర్డర్లతోనే కావాలంటే ఇరవై ఏడు మంది డిస్ట్రిబ్యూటర్లు కావాలి. అదే ఒక్కొక్కరు ఏడాదిలో ఇంకో నాలుగుసార్లు తీసుకుంటే ఆరుగురు చాలు.

ఏజెన్సీ బాబాయ్: లెక్క ఇప్పుడు దారిలో పడింది. ఆరుగురికీ నెలా నెలన్నర అప్పు ఇవ్వాలి. అంటే మొదటి విడతలోనే లక్షా యాభై ఆరు వేల సరుకు బయట ఉంటుంది, అది స్టాల్ డబ్బుకి పైన. అది కూడా ఉందా?

తెనాలి కోడలు: లేదు బాబాయ్ గారూ. ఈసారికి పాస్ తీసుకుని మేమిద్దరం చూడ్డానికే వెళ్తాం, పది శాంపిల్ కవర్లు సంచిలో వేసుకుని. కాంపోజిషన్ సంగతి సోమవారం ఆడిటర్‌ని అడుగుతాను.

గోదారి స్నాక్స్: నేనూ వస్తున్నా అక్కా. సగం సగం స్టాల్ తీసుకుందామా?

పొడి ఇడ్లీ పద్మ: ఇద్దరు కలిసి తీసుకోనిస్తారో లేదో నిర్వాహకుల్ని ముందు అడగండి. మాకు ఒప్పుకోలేదు.